స్పోర్ట్స్ డే షెడ్యూలు ప్రకటన ఎలా రాయాలి: పోటీ వేళ కన్నా ముందు రిపోర్టింగ్ వేళ

బడిలో స్పోర్ట్స్ డే షెడ్యూలు రాసేవారు సాధారణంగా పోటీల పేర్లు ఒక వరుసలోను, వాటి ఎదురుగా సమయాలు మరో వరుసలోను రాసి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి నోటీసు బోర్డుకు అంటిస్తారు. ఆ కాగితం చూసిన పిల్లవాడికి తన పరుగు ఎనిమిదిన్నరకు అని తెలుస్తుంది గాని, ఎనిమిదింపావుకల్లా తాను ఎక్కడ నిలబడాలో, ఎవరికి కనిపించాలో, ఆ వేళకు రాకపోతే ఏమవుతుందో తెలియదు. విశాఖపట్నంలోని రెండు మూడు బడుల్లో చాలా ఏళ్లు పీఈటీగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: పోటీ రోజున జరిగే గందరగోళంలో ఎక్కువ భాగం మైదానంలో పుట్టదు, వారం ముందు మనం రాసిన ప్రకటనలోనే పుడుతుంది. అందువల్ల ఆ ప్రకటనను ఏ క్రమంలో తయారు చేయాలో, హౌస్‌ల వారీగా రిపోర్టింగ్ ఎలా రాయాలో, చివరి నిమిషంలో మార్పు వస్తే దాన్ని ఎలా తెలపాలో ఒక ఉదాహరణతో వివరిస్తాను.

ఉదాహరణకు తీసుకున్న బడి ఊహించుకున్నదే. ఆరు నుంచి పదో తరగతి వరకు పిల్లలున్నారనుకోండి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వారు జూనియర్లు, తొమ్మిది, పది తరగతుల వారు సీనియర్లు. హౌస్‌లు నాలుగు, వాటికి మన ఉత్తరాంధ్ర నదుల పేర్లు పెట్టారు: గోస్తని నీలం, శారద పసుపు, నాగావళి ఆకుపచ్చ, వంశధార ఎరుపు. మైదానంలో ఆరు లేన్లు గీయడానికి చోటుంది. తేదీ 2026 డిసెంబరు 18, శుక్రవారం.

మొదటి మెట్టు: పోటీకి నిజంగా ఎంతసేపు పడుతుందో లెక్క కట్టండి

సమయం రాయడానికి ముందు పిల్లల సంఖ్య కావాలి. వంద మీటర్ల పరుగుకు ప్రతి హౌస్ నుంచి ముగ్గురు చొప్పున తీసుకుంటే ఒక్కొక్క విభాగంలో పన్నెండు మంది అవుతారు. లేన్లు ఆరే కాబట్టి రెండు హీట్లు పెట్టి, ఒక్కో హీటులో మొదటి ముగ్గురిని ఫైనల్‌కు తీసుకోవాలి. ఒక హౌస్ పిల్లలు ముగ్గురూ ఒకే హీటులో పడకుండా, రెండు హౌస్‌ల నుంచి ఇద్దరేసి, మిగిలిన రెండు హౌస్‌ల నుంచి ఒక్కొక్కరు చొప్పున మొదటి హీటులోను, దానికి తిరగేసి రెండో హీటులోను వేయండి.

పరుగు పదిహేను ఇరవై సెకన్లలో అయిపోతుంది. కాని పిల్లలను లేన్లలో నిలబెట్టడానికి, చెస్ట్ నంబర్లు సరిచూడడానికి, ఎవరైనా విజిల్‌కు ముందే కదిలితే వెనక్కి పిలవడానికి, గీత దగ్గర జడ్జీలు స్థానాలు రాసుకోవడానికి కలిపి హీటుకు నాలుగు నిమిషాలు తప్పకుండా పడుతుంది. రెండు హీట్లకు ఎనిమిది నిమిషాలు, పైన రెండు నిమిషాల వెసులుబాటు కలిపి ఒక విభాగానికి పది నిమిషాలు కేటాయించండి. బాలురు, బాలికలు, జూనియర్, సీనియర్ కలిపి నాలుగు విభాగాలు కనుక వంద మీటర్ల హీట్లకు నలభై నిమిషాలు అవుతాయి.

లాంగ్‌జంప్ లెక్క వేరు. హౌస్‌కు ఇద్దరు చొప్పున ఎనిమిది మంది, మనిషికి మూడు ప్రయత్నాలు అంటే ఇరవై నాలుగు దూకుళ్లు. ప్రతి దూకుడు తరువాత టేపు పట్టి కొలవాలి, ఇసుక మళ్లీ చదును చేయాలి. ఒక్కో దూకుడికి నిమిషంన్నర వేసుకుంటే ముప్పై ఆరు నిమిషాలు. ఇరవై నిమిషాల్లో అయిపోతుందని రాసిన షెడ్యూలు ఏదైనా మధ్యాహ్నానికి గంట వెనకబడుతుంది, దానికి కారణం దాదాపు ఎప్పుడూ ఈ ఇసుక గుంటే.

హీటుకూ ఫైనల్‌కూ మధ్య ఎంత విరామం ఉండాలన్నది మన ఇష్టానికి వదిలిన విషయం కాదు. అంతర్జాతీయ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం 200 మీటర్ల వరకు ఉన్న పరుగుల్లో ఒక దశలోని చివరి హీటుకూ, తరువాతి దశకూ మధ్య కనీసం 45 నిమిషాలు ఉండాలి. బడి పోటీలకు ఆ నిబంధనను ఎవరూ బలవంతం చేయరు గాని, పదమూడేళ్ల పిల్లకు ఆ మాత్రం విశ్రాంతి అవసరమే కనుక నేను దాన్ని తప్పకుండా పాటిస్తాను.

రెండో మెట్టు: వేళలు పేర్చి, ఢీకొనేవి వెతకండి

డిసెంబరు మధ్యలో విశాఖలో సూర్యోదయం 6:20 ప్రాంతంలో అవుతుంది. ఎండ చురుక్కుమనకముందే ఎక్కువ దూరపు పరుగులు ముగించడం మంచిది కాబట్టి 800 మీటర్లతో మొదలుపెడతాం. అయితే గాజువాక నుంచో పెందుర్తి నుంచో వచ్చే బస్సు ఎన్ఏడీ కూడలి దగ్గర పదిహేను నిమిషాలు ఆగిపోతే ఆ బస్సులోని పిల్లలకు మొదటి పోటీ చేజారుతుంది. అందుకే 800 మీటర్ల జాబితాలోని పదహారు పేర్లను బస్సు రూట్ల జాబితాతో పోల్చి చూసి, దూరపు రూట్లలో ఉన్నవారి తల్లిదండ్రులకు విడిగా ఫోన్ చేయించండి. పదహారు పేర్లు చూడడం పది నిమిషాల పని. రామకృష్ణ బీచ్‌లో నేవీ విన్యాసాలో, వాటి రిహార్సలో ఉన్న రోజుల్లో ఆ వైపు వాహనాలను మళ్లిస్తారు, కాబట్టి తేదీ ఖరారు చేయడానికి ముందే ఆ సంగతి కూడా వాకబు చేయండి.

ఇప్పుడు అసలు పని. మామూలుగా ఎవరైనా వంద మీటర్ల హీట్లను చిన్నవారి నుంచి పెద్దవారికి పేరుస్తారు: జూనియర్ బాలికలు 8:30, జూనియర్ బాలురు 8:40, సీనియర్ బాలికలు 8:50, సీనియర్ బాలురు 9:00. ఆ తరువాత 9:15కు ఒక పక్క జూనియర్ బాలికల లాంగ్‌జంప్, మరో పక్క సీనియర్ బాలుర షాట్‌పుట్. కాగితం మీద ఏదీ దేనితోనూ ఢీకొనడం లేదు. కాని ప్రతి పోటీకి పదిహేను నిమిషాల ముందు రిపోర్ట్ చేయాలన్న నియమం పెట్టి చూడండి. షాట్‌పుట్ వేసే సీనియర్ కుర్రవాడు 9:00కు రిపోర్ట్ చేయాలి, సరిగ్గా ఆ నిమిషానికే అతను వంద మీటర్ల గీత మీద వంగి ఉంటాడు. షాట్‌పుట్ టేబుల్ దగ్గర అతని పేరు మూడుసార్లు పిలుస్తారు, ఎవరూ పలకరు, గైర్హాజరు వేస్తారు. తరువాత హౌస్ మాస్టరు పరుగెత్తుకుంటూ వచ్చి వాదనకు దిగుతారు, ఆయన వాదనలో తప్పు కూడా ఉండదు.

పరిష్కారం కష్టం కాదు. సీనియర్ బాలురను 8:40కు జరిపి, జూనియర్ బాలురను 8:50కు, సీనియర్ బాలికలను 9:00కు పెడితే సీనియర్ బాలుర హీట్లు 8:50కల్లా ముగుస్తాయి, షాట్‌పుట్ రిపోర్టింగ్‌కు పది నిమిషాల వ్యవధి దొరుకుతుంది. ఇదే సీనియర్ బాలురను 8:30కు జరిపి ఉంటే వేరే చిక్కు వచ్చేది. 800 మీటర్లు పరుగెత్తి వచ్చిన కుర్రవాడు ఊపిరి కూడా తీసుకోకుండా 8:15కే మళ్లీ వరుసలో నిలబడాల్సి వచ్చేది. అందుకే ఢీకొనేవి వెతికేటప్పుడు పోటీ వేళలను పక్కన పెట్టి, ప్రతి పోటీ రిపోర్టింగ్ వేళ నుంచి ముగింపు వేళ వరకు ఒక గీతగా గీసి, ఒకే విభాగానికి చెందిన రెండు గీతలు ఒకదానిపై ఒకటి పడుతున్నాయేమో చూడండి. గళ్ల కాగితం, రంగు పెన్సిళ్లు చాలు.

ముఖ్య అతిథి గురించి ఒక మాట. ప్రారంభ సభను ఉదయమే పెట్టి, అతిథి వచ్చాకే పోటీలు మొదలు పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. నా అభిప్రాయంలో అది పిల్లలకు అన్యాయం. హీట్లు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ సభకు ముందే ముగించి, మార్చ్‌పాస్ట్‌తో సభను 10:00కు పెట్టి, ఫైనల్స్ 10:45కు పెడితే అతిథికి ఆసక్తికరమైన పోటీలే కనిపిస్తాయి. ఆయన కొంత ఆలస్యమైనా ఫైనల్స్ మాత్రమే ఆలస్యమవుతాయి, పొద్దుటి పని చెక్కుచెదరదు.

మూడో మెట్టు: ప్రతి పోటీకి ఒక సంఖ్య ఇవ్వండి

పోటీని దాని వేళతో గుర్తిస్తే వేళ మారిన మరుక్షణం ఆ గుర్తు పోతుంది. అందువల్ల షెడ్యూలులో ప్రతి పోటీకి అంశం సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యను చివరిదాకా మార్చకండి. వేళ మారినా, స్థలం మారినా, వరుసలో వెనక్కి పోయినా అది ఏడో అంశంగానే ఉండాలి. ఒక పోటీ రద్దయితే ఆ సంఖ్యను ఖాళీగా వదిలేయండి గాని తరువాతి వాటిని పైకి జరపకండి. అలాగే చెస్ట్ నంబర్లు గోస్తనికి 101 నుంచి, శారదకు 201 నుంచి, నాగావళికి 301 నుంచి, వంశధారకు 401 నుంచి ఇస్తే, మైకులో సంఖ్య వినగానే ఆ పిల్లవాడు ఏ హౌస్ వాడో అందరికీ తెలిసిపోతుంది.

నాలుగో మెట్టు: ప్రకటన రాయండి

ఇంతవరకు చేసిన లెక్కంతా ఒక పేజీలో ఇమడాలి. రిపోర్టింగ్ వేళను ముందు, పోటీ వేళను తరువాత రాయండి. పిల్లల కన్ను మొదట పడే అంకె వాళ్లు పాటించవలసిన అంకె కావాలి. నేను రాసే పద్ధతి ఇది:

వార్షిక స్పోర్ట్స్ డే, 2026 డిసెంబరు 18, శుక్రవారం, ఉదయం.
ఇది షెడ్యూలు మొదటి ప్రతి. డిసెంబరు 14, సోమవారం సాయంత్రం 4 గంటలకు విడుదలైంది.

అంశం 1. 800 మీటర్లు, సీనియర్ బాలురు. రిపోర్టింగ్ 7:45, పోటీ 8:00.
అంశం 2. 800 మీటర్లు, సీనియర్ బాలికలు. రిపోర్టింగ్ 7:55, పోటీ 8:10.
అంశం 3. 100 మీటర్ల హీట్లు, జూనియర్ బాలికలు. రిపోర్టింగ్ 8:15, పోటీ 8:30.
అంశం 4. 100 మీటర్ల హీట్లు, సీనియర్ బాలురు. రిపోర్టింగ్ 8:25, పోటీ 8:40.
అంశం 5. 100 మీటర్ల హీట్లు, జూనియర్ బాలురు. రిపోర్టింగ్ 8:35, పోటీ 8:50.
అంశం 6. 100 మీటర్ల హీట్లు, సీనియర్ బాలికలు. రిపోర్టింగ్ 8:45, పోటీ 9:00.
అంశం 7. లాంగ్‌జంప్, జూనియర్ బాలికలు. రిపోర్టింగ్ 9:00, పోటీ 9:15.
అంశం 8. షాట్‌పుట్, సీనియర్ బాలురు. రిపోర్టింగ్ 9:00, పోటీ 9:15.
ప్రారంభ సభ, మార్చ్‌పాస్ట్ 10:00. అందరూ తమ హౌస్ టెంటు ముందు 9:55కు వరుసలో ఉండాలి.
అంశాలు 9 నుంచి 12. 100 మీటర్ల ఫైనల్స్, హీట్లు జరిగిన వరుసలోనే, 10:45 నుంచి అయిదేసి నిమిషాల తేడాతో. మొదటి ఫైనల్‌కు రిపోర్టింగ్ 10:30.
ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల పరుగులు 11:10. వీటికి హౌస్ పాయింట్లు లేవు.
అంశాలు 13 నుంచి 16. నాలుగు వందల మీటర్ల రిలే. జూనియర్ బాలికలు 11:45, జూనియర్ బాలురు 11:55, సీనియర్ బాలికలు 12:05, సీనియర్ బాలురు 12:15. రిపోర్టింగ్ పదిహేను నిమిషాల ముందు.
బహుమతి ప్రదానం 12:30. బస్సులు 1:15కు బయలుదేరుతాయి.

ఏ పోటీ కూడా పైన ఇచ్చిన వేళకు ముందు మొదలుకాదు.

ఈ చివరి వాక్యం ఎందుకు అంత అవసరమో కింద చెబుతాను. తేదీ పక్కన వారం పేరు తప్పకుండా రాయండి, ఎందుకంటే తేదీలో ఒక అంకె తప్పు పడితే వారం పేరు దాన్ని పట్టిస్తుంది. "రేపు", "ఎల్లుండి" అన్న మాటలు రాయకండి. వాట్సాప్ గ్రూపులో ఒకరి నుంచి ఒకరికి చేరి మరుసటి రోజు చదివే తల్లికి ఆ "రేపు" ఏ రోజో తెలియదు.

అయిదో మెట్టు: హౌస్‌ల వారీగా రిపోర్టింగ్

"పోటీదారులు మైదానంలో రిపోర్ట్ చేయాలి" అని రాసి వదిలేస్తే వంద మంది పిల్లలు ఒకే టేబుల్ చుట్టూ మూగుతారు. రిపోర్టింగ్‌ను రెండు అంచెలుగా విడదీసి, ఆ సంగతిని ప్రకటనలో స్పష్టంగా రాయాలి. మొదటి అంచెలో పిల్లవాడు తన హౌస్ టెంటుకు వెళ్లి హౌస్ కెప్టెన్‌కు కనిపిస్తాడు. కెప్టెన్ చేతిలో అంశాల వారీగా తమ హౌస్ జాబితా ఉంటుంది, అందులో పేరు ఎదురుగా టిక్కు పెడతాడు. రెండో అంచెలో కెప్టెన్ ఆ అంశంలో ఉన్న తమ హౌస్ పిల్లలను కలిపి రిపోర్టింగ్ వేళకు కాల్ టేబుల్ దగ్గరికి తీసుకువస్తాడు. టేబుల్ దగ్గర ఉన్న ఉపాధ్యాయుడు చెస్ట్ నంబర్లు చూసి, హీటు, లేను చెప్పి, బెంచీ మీద కూర్చోబెడతారు. ఇలా చేస్తే టేబుల్ దగ్గరికి ఒక్కో పోటీకి వచ్చేది నాలుగు చిన్న గుంపులే, వాటికి ముందు నలుగురు కెప్టెన్లు.

టెంట్లు ఎక్కడో గుర్తులతో రాయండి. నీలం టెంటు గేటు పక్కన, పసుపు టెంటు నీళ్ల ట్యాంకు దగ్గర, ఆకుపచ్చ టెంటు బాస్కెట్‌బాల్ కోర్టు వైపు, ఎరుపు టెంటు స్టేజీకి ఎడమవైపు అంటే ఆరో తరగతి పిల్లకు కూడా దారి తెలుస్తుంది. తూర్పు, పడమర అని రాస్తే పెద్దలకే తెలియదు.

ఆ తరువాత గడువు. రిపోర్టింగ్ వేళ నుంచి పోటీకి అయిదు నిమిషాల ముందు వరకు పేర్లు తీసుకుంటారని, ఆ తరువాత జాబితా మూసేస్తారని రాయండి. జాబితా మూసేదాకా హౌస్ మాస్టరు రాని పిల్లవాడి బదులు ముందే పేరిచ్చిన రిజర్వు పిల్లవాడిని దింపవచ్చు, మూసిన తరువాత ఎవరినీ దింపకూడదు. రెండు పోటీలు ఒకేసారి పడిన పిల్లవాడు ముందు ట్రాక్ పోటీకి వెళ్లాలి. అతని హౌస్ కెప్టెన్ ఫీల్డ్ పోటీ టేబుల్ దగ్గర ఆ సంగతి చెబితే అతని ప్రయత్నం వరుస మార్చి పెడతారు. అథ్లెటిక్స్ నియమాలు కూడా ఇందుకు వీలు కల్పిస్తాయి. ఈ ఒక్క వాక్యం ప్రకటనలో లేకపోతే లాంగ్‌జంప్ దగ్గర ఉన్న ఉపాధ్యాయుడు ఒక రకంగా, షాట్‌పుట్ దగ్గర ఉన్న ఉపాధ్యాయుడు ఇంకో రకంగా నిర్ణయిస్తారు.

ఆరో మెట్టు: మార్పుల గురించి ముందే రాయండి

మార్పు వచ్చాక నియమం ఆలోచించడం కుదరదు. మొదటి ప్రకటన అడుగునే మార్పుల నియమం రాసి పెట్టాలి. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆలస్యం చేయవచ్చు గాని, ప్రకటించిన వేళకు ముందు ఏ పోటీనీ మొదలు పెట్టకూడదు.

ఈ నియమం నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో హీట్లు అనుకున్న దానికన్నా త్వరగా అయిపోయాయని, ఎండ పెరుగుతోందని, లాంగ్‌జంప్‌ను ఇరవై నిమిషాల ముందే మొదలుపెట్టాను. మైకులో రెండుసార్లు చెప్పాం. ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఆ సమయానికి వాళ్ల అమ్మతో గేటు బయట కొబ్బరినీళ్లు తాగుతోంది. తన వేళకు పది నిమిషాల ముందే వచ్చింది గాని, అప్పటికి రెండో ప్రయత్నాలు నడుస్తున్నాయి. షెడ్యూలు కాగితం నా ముందు పెట్టి "సార్, ఇందులో తొమ్మిదింపావు అనే ఉంది కదా" అని అడిగింది. ఆమె చేతిలో ఉన్నది నేను రాసిన కాగితమే. ఆమెకు మూడు ప్రయత్నాలూ విడిగా ఇప్పించాను గాని, అప్పటికే ఆమె ఏడ్చి ఏడ్చి ఉంది, దూకిన దూరం రోజూ సాధనలో దూకే దానిలో మూడొంతులు కూడా లేదు. ఆలస్యమైతే పిల్లలు కాస్త విసుగు పడతారు, అంతే. ముందు చేస్తే ఒకరి పోటీ పోతుంది.

రెండో నియమం, మార్పు చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ పేరు, ఆ హోదా ప్రకటనలో ఉండాలి. ప్రిన్సిపాల్ గారు చెప్పినా సరే, ఆ ఒక్కరి ద్వారానే బయటికి రావాలి.

మూడోది, మార్పు చీటీ మీద నలుగురు హౌస్ మాస్టర్ల సంతకాలు పడ్డాకే అది అమలులోకి రావాలి. ఒక పిల్లవాడికి చీటీ ఇచ్చి నాలుగు టెంట్లూ తిప్పితే మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ తరువాతే మైకు. మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి, స్పీకర్లు ఏ దిక్కుకు పెట్టినా ఒక మూల టెంటుకు మాట సరిగా చేరదు. సంతకాల చీటీ మాత్రం చేరుతుంది.

వాన వస్తే ఏం చేస్తారో కూడా అక్కడే రాయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో అల్పపీడనాలు, తుపానులు వచ్చే కాలం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఇక్కడే. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక కేంద్రం మన ఊళ్లోనే ఉంది, దాని సూచనలు ముందు రోజు సాయంత్రం చూడండి. జిల్లా కలెక్టర్ బడులకు సెలవు ప్రకటిస్తే స్పోర్ట్స్ డే దానంతట అదే రిజర్వు తేదీకి వాయిదా పడుతుందని, ఇంకో సందేశం కోసం ఎదురుచూడనక్కర లేదని రాయండి. సెలవు లేకుండా మామూలు వాన అయితే ఉదయం 5:30కల్లా, అంటే మొదటి బస్సు బయలుదేరక ముందే, నిర్ణయం తెలియజేస్తామని రాసి, ఆ వేళ తప్పకండి.

ఏడో మెట్టు: మార్పు నోట్ రాయడం

ఇప్పుడు ఒక మార్పును చివరిదాకా చూద్దాం. గురువారం రాత్రి జల్లు పడింది, ట్రాక్ ఆరిపోయింది గాని లాంగ్‌జంప్ గుంటలో నీళ్లు నిలిచాయి. నీళ్లు తోడి పొడి ఇసుక పోయించడానికి పది గంటలు దాటుతుంది. అంటే ఏడో అంశం సభ తరువాతకు పోవాలి.

ఎప్పటికి? జూనియర్ బాలికల వంద మీటర్ల ఫైనల్ 10:45కు ఉంది. అది అయ్యాక 10:55కు రిపోర్టింగ్ పెట్టి 11:10కు మొదలుపెడితే 11:46కు ముగుస్తుంది. కాని వాళ్ల రిలేకు రిపోర్టింగ్ 11:30. దూకే పిల్లల్లో సగం మంది రిలేలో కూడా ఉంటారు. కాబట్టి పదమూడో అంశాన్ని రిలేల చివరికి, 12:25కు జరపాలి. రిపోర్టింగ్ 12:10 అవుతుంది, పిల్లలకు పాతిక నిమిషాల దాకా విశ్రాంతి దొరుకుతుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. జూనియర్ బాలికలు చివరికి పోయారు కాబట్టి మిగిలిన మూడు రిలేలను పదేసి నిమిషాలు పైకి లాగుతారు. అలా లాగకండి. జూనియర్ బాలురు 11:55కే పరుగెత్తాలి. 11:45 నుంచి పది నిమిషాలు ట్రాక్ ఖాళీగా ఉంటుంది, ఉండనివ్వండి. ఆ సమయంలో రిలే మార్పిడి గీతలకు మళ్లీ సున్నం వేయించవచ్చు.

నోట్ ఇలా ఉంటుంది:

మార్పు 1. డిసెంబరు 18, శుక్రవారం, ఉదయం 7:20.
అంశం 7, లాంగ్‌జంప్, జూనియర్ బాలికలు: పాత వేళ 9:15. కొత్త వేళ 11:10. కొత్త రిపోర్టింగ్ 10:55.
అంశం 13, రిలే, జూనియర్ బాలికలు: పాత వేళ 11:45. కొత్త వేళ 12:25. కొత్త రిపోర్టింగ్ 12:10.
బహుమతి ప్రదానం: పాత వేళ 12:30. కొత్త వేళ 12:45.
కారణం: దూకే గుంటలో నీళ్లు నిలిచాయి. మిగిలిన అంశాల వేళల్లో మార్పు లేదు.

"మిగిలిన వాటిలో మార్పు లేదు" అన్న వాక్యం లేకపోతే, లాంగ్‌జంప్ ఆలస్యమైంది కాబట్టి షాట్‌పుట్ కూడా ఆలస్యమై ఉంటుందని తొమ్మిదో తరగతి కుర్రవాడు తనకు తానే నిర్ణయించుకుని క్యాంటీనుకు పోతాడు. పాత వేళ, కొత్త వేళ రెండూ పక్కపక్కనే రాయాలి, అప్పుడే చదివేవారు తమ చేతిలో ఉన్న కాగితంతో పోల్చుకోగలుగుతారు.

మాటల విషయంలో ఒక జాగ్రత్త. "పోటీని ముందుకు జరిపాం" అని ఎప్పుడూ రాయకండి, మైకులో చెప్పకండి. మన వాడుకలో ఆ మాటకు కొందరు త్వరగా జరుగుతుందని, కొందరు తరువాతి వేళకు పోయిందని అర్థం చేసుకుంటారు. "వెనక్కి జరిపాం" అన్నా అదే తంటా. "తొమ్మిది పదిహేనుకు కాదు, పదకొండు పదికి జరుగుతుంది" అని గడియారం వేళలతోనే చెప్పండి. మైకులో "పావు తక్కువ తొమ్మిది" అనకండి, గాలికి మొదటి రెండు మాటలు పోతే వినేవారికి తొమ్మిది మాత్రమే మిగులుతుంది. "ఎనిమిది నలభై అయిదు" అంటే ఏ ముక్క పోయినా పోయిందని తెలుస్తుంది. దూరం నుంచి "బాలురు", "బాలికలు" ఒకేలా వినిపిస్తాయి, అందుకే నేను మైకులో మటుకు "బాయ్స్", "గర్ల్స్" అనే అంటాను.

చెప్పే వరుస కూడా ఒకటే ఉంచండి: అంశం సంఖ్య, పోటీ పేరు, విభాగం, కొత్త రిపోర్టింగ్ వేళ, కొత్త పోటీ వేళ. పది సెకన్లు ఆగి మళ్లీ అదే వరుసలో చెప్పండి, మూడోసారి పాత రిపోర్టింగ్ వేళకు, అంటే 9:00కు, ఇంకోసారి చెప్పండి. మార్పు వినని పిల్ల కాల్ టేబుల్ దగ్గరికి వచ్చేది ఆ నిమిషానికే. పోటీ స్థలం మారినప్పుడైతే పాత స్థలంలో ఒక పెద్ద విద్యార్థిని నిలబెట్టండి.

వాట్సాప్ గ్రూపులో మార్పు నోటును బొమ్మగా కాక అక్షరాలుగా పెట్టండి, తల్లిదండ్రులు అందులో తమ పిల్లల విభాగాన్ని వెతుక్కోగలుగుతారు. అంతకు ముందు పెట్టిన షెడ్యూలు సందేశం ఇక చెల్లదని చెప్పి, మార్పులు కలిపిన పూర్తి షెడ్యూలును "రెండో ప్రతి" అని పేరు పెట్టి కొత్తగా వేయండి. కాల్ టేబుల్ పక్కన ఉన్న బోర్డు మీద మాత్రం మొదటి ప్రతిని చింపకండి. దాని పక్కనే మార్పు 1, దాని కింద మార్పు 2 అంటిస్తూ పోండి. సాయంత్రం ఎవరైనా హౌస్ మాస్టరు ఫలానా మార్పు తమకు తెలియదంటే, బోర్డు మీద వేళ, చీటీ మీద సంతకం రెండూ ఉంటాయి.

చివరగా చూడవలసింది బస్సులు. బహుమతి ప్రదానం పావుగంట ఆలస్యమైతే 1:15కు బయలుదేరవలసిన బస్సులు 1:30కు బయలుదేరుతాయి, మధురవాడలోనో కంచరపాలెంలోనో బస్సు దిగే చోట ఎదురుచూసే అమ్మమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. మార్పు నోటులో ఆ ఒక్క పంక్తి కూడా చేర్చి, బస్సు ఇన్‌ఛార్జి చేత అయిదో సంతకం పెట్టించండి.